సున్నాకు వచ్చిన జెడ్ స్కోరు, రాని డబ్బు
(చెన్నైలో తెలుగు మదుపరుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం పెయిర్స్ ట్రేడింగ్ పరిచయం. పరిచయం రెండు వాక్యాల్లో ముగించి, నా మనసులో మూడేళ్లుగా నలుగుతున్న ఒక్క విషయం చెప్పడానికి అనుమతించమని కోరుతున్నాను.

ఒకే రంగానికి చెందిన రెండు షేర్ల ధరల మధ్య తేడాను స్ప్రెడ్ అంటాం. ఆ తేడా తన సగటుకు ఎన్ని స్టాండర్డ్ డీవియేషన్ల దూరంలో ఉందో చెప్పేది జెడ్ స్కోరు, అది 2 దాటితే ఖరీదైనదాన్ని అమ్మి చవకైనదాన్ని కొంటాం, సున్నాకు వస్తే బయటపడతాం.

నేను ఎంచుకున్నవి రెండు సిమెంటు కంపెనీలు. మొదటిదాని ధరలోంచి రెండోదాని ధరకు 1.2 రెట్లు తీసేస్తే వచ్చేది నా స్ప్రెడ్. సాయంత్రం మార్కెట్ మూసిన తర్వాత ముగింపు ధరలు దించుకుని, గత 20 రోజుల సగటును, డీవియేషన్‌ను రోజూ కొత్తగా లెక్కించే ఈ నాలుగు వరుసలు నడిపేవాణ్ని:

```
spread = a - 1.2*b
mu = spread.rolling(20).mean().shift(1)
sd = spread.rolling(20).std().shift(1)
z = (spread - mu) / sd
```

సగటు 100 రూపాయలు, డీవియేషన్ 10 రూపాయలు ఉన్న రోజుల్లో స్ప్రెడ్ 125కు ఎగబాకింది. జెడ్ 2.5. మొదటి కంపెనీ ఫ్యూచర్స్ ఒక లాటు అమ్మి, రెండోదానివి ఒక లాటు కొన్నాను. లాట్లు 500, 600 కావడంతో నిష్పత్తి అతికినట్టు సరిపోయింది. అంత చక్కగా కుదరడం అరుదు, ఆ కుదురుబాటు చూసే నాకు ధీమా పెరిగిందేమో.

తర్వాతి పది రోజులూ స్ప్రెడ్ దిగలేదు. 130 దగ్గరే అటూ ఇటూ తిరిగింది. అయినా నా తెరమీద జెడ్ మాత్రం 0.9కి పడిపోయింది! ఎందుకో మీరే లెక్క కట్టండి: 20 రోజుల కిటికీలో పది పాత రోజులు 100 దగ్గర, పది కొత్త రోజులు 130 దగ్గర ఉన్నాయి కనుక సగటు 115కు చేరింది. రెండు గుంపులు దూరంగా ఉండటం వల్ల డీవియేషన్ కూడా 17 దాకా ఉబ్బింది. పైన తేడా చిన్నదైంది, కింద భాజకం పెద్దదైంది. నేను అమ్మిన సరుకు ఇంకా ఖరీదెక్కుతుంటే, నా లెక్క మాత్రం అది చవకవుతోందని చెప్పింది.

మరో పది రోజులు 136 దగ్గర తిరిగి, ఇరవయ్యో రోజున స్ప్రెడ్ 133 దగ్గర ముగిసింది. అప్పటి సగటూ 133. జెడ్ సున్నా. బ్రోకరు ఆఫీసులో ఒకాయన ఫోనులో "సున్నాకు వచ్చింది కదండీ, లాభం తీసుకోండి" అన్నారు. తీసుకున్నాను. షేరుకు 8 రూపాయలు, మొత్తం 4,000 రూపాయలు నష్టం, ఖర్చులు వేరే. ఆ సాయంత్రం పెరంబూరు నుంచి వచ్చిన మా బావమరిది నా నోటుపుస్తకం తిరగేసి, "బావా, సున్నాకు వచ్చిందని రాశావు, డబ్బు రాలేదేం?" అన్నాడు. అతనికి ట్రేడింగ్ తెలియదు. నాకు మాత్రం ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి వారం పట్టింది: స్ప్రెడ్ సగటు దగ్గరకు రాలేదు, సగటే స్ప్రెడ్ దగ్గరకు నడిచి వెళ్లింది.

అప్పటి నుంచి నా పుస్తకంలో జెడ్‌కు రెండు గళ్లున్నాయి. ఒకటి రోజూ కదిలేది, కొత్త అవకాశాలు వెతకడానికి. రెండోది కొన్న రోజు సగటును, డీవియేషన్‌ను గడ్డకట్టించి వేసేది, చేతిలో ఉన్న పొజిషన్‌కు. ఆనాడు ఆ రెండో గడి ఉండి ఉంటే ఇరవయ్యో రోజున (133 − 100) / 10, అంటే 3.3 చూపేది. 3 దగ్గర స్టాపు పెట్టుకుని ఉంటే 130 వద్దే, 2,500 నష్టంతో, వారం పైన ముందే బయటపడేవాణ్ని. లాభం వచ్చేదని చెప్పను. మార్జిన్ డబ్బు అన్ని రోజులు ఇరుక్కునేది కాదు. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. గాటెవ్, గెట్జ్‌మన్, రూవెన్‌హోర్స్ట్ 2006లో ప్రచురించిన పరిశోధనలో కూడా ఏడాది ధరలతో కొలిచిన డీవియేషన్‌నే తర్వాతి ఆరు నెలల వ్యాపారానికి మార్చకుండా వాడారు. నేను ఆ సంగతి నష్టపోయాక చదివాను.

వెనక వరుసలో ఒకరు గడియారం చూపిస్తున్నారు. ఇంకొక్క మాట, ఎందుకంటే ఇది గడ్డకట్టించిన జెడ్‌ను కూడా మోసం చేస్తుంది. రెండో కంపెనీ షేరుకు 20 రూపాయల డివిడెండు ప్రకటించిందనుకోండి. ఆ డివిడెండు హక్కు లేకుండా షేరు చేతులు మారడం మొదలయ్యే ఎక్స్ డేట్ రోజున ధర దాదాపు అంత తగ్గుతుంది, స్ప్రెడ్ 1.2 రెట్లు 20, అంటే 24 రూపాయలు ఎగురుతుంది, సున్నా దగ్గరున్న జెడ్ అదే 10 రూపాయల డీవియేషన్‌తో 2.4 అవుతుంది. ఆ రెండు కంపెనీల మధ్య ఏమీ జరగలేదు, అయినా సిగ్నల్ వచ్చేసింది. డివిడెండు మేరకు సర్దుబాటు చేసిన ధరలు వాడామా లేదా అన్నది ఒక్క రోజులో దూకిన జెడ్‌ను చూసి పసిగట్టవచ్చు: దూకుడంతా ఒక షేరులోనే, ఉదయం మొదటి ధరలోనే ఉంటే ముందు కంపెనీ ప్రకటనలు తెరవండి. బోనసు, విభజన వంటివైతే దూకుడు ఇంకా పెద్దది కనుక దొరికిపోతుంది. డివిడెండే నిశ్శబ్దంగా 2 దాటించి పోతుంది.

అందుకే నా పుస్తకంలో ప్రతి జతకూ పక్కన రాబోయే ఎక్స్ డేట్లు ఎర్ర సిరాతో రాసి ఉంటాయి. పుస్తకం తెచ్చాను, చూడాలనుకున్నవారు ముందు వరుసలోకి రండి.