నవ్వుతూ అన్న మాట హామీ కాకుండా కాల్ సారాంశం రాయడం

నమస్తే. ఒక సోమవారం పొద్దున్నే మా టెస్టర్‌కి "రిపోర్ట్ ఏది?" అని మెసేజ్ వచ్చింది. ఏ రిపోర్టో ఆవిడకి అర్థం కాలేదు. తీరా చూస్తే, నేను పంపిన కాల్ సారాంశంలో "శని, ఆదివారాల్లో టెస్టింగ్ పూర్తవుతుంది" అని ఉంది. ఆవిడ అన్నది ఏమిటో, నేను రాసింది ఏమిటో చూద్దాం. ఇది మంగళవారం జరిగిన కాల్‌లో చిన్న ముక్క.

[స్క్రీన్ మీద]
లీడ్: పేమెంట్ పేజీ ఎప్పటికవుతుంది?
డెవలపర్: శుక్రవారానికి అయిపోతుందేమో. ముందు టెస్ట్ డేటా రావాలి.
టెస్టర్: ఆఁ, శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఇవ్వండి. శని, ఆదివారాలు నాకేం పని, కూర్చుని టెస్ట్ చేసేస్తా! (నవ్వులు)
లీడ్: సరే సరే. డేటా రేపు మధ్యాహ్నానికల్లా నేను పంపిస్తా, ఈసారి మర్చిపోతే నన్ను తిట్టండి. (నవ్వులు)
డిజైనర్: అసలు ఆ పాత బటన్లన్నీ పీకి పారేద్దాం.
లీడ్: పారేయ్, పారేయ్.

దీనికి నేను రాసిన మూడు లైన్లు ఇవి: "శుక్రవారానికి పేమెంట్ పేజీ పూర్తవుతుంది. శని, ఆదివారాల్లో టెస్టింగ్ పూర్తవుతుంది. పాత బటన్లు తొలగించాలని నిర్ణయించడం జరిగింది."

మొదటి లైన్ చూడండి. డెవలపర్ "అయిపోతుందేమో" అన్నాడు. నేను "పూర్తవుతుంది" అని రాశాను. పోయింది ఒక్క "ఏమో"నే, కానీ ఆయన జాగ్రత్తంతా దాంట్లోనే ఉంది. మన భాషలో అనుమానం చాలాసార్లు క్రియ చివర్లో దాక్కుంటుంది. అయిపోతుందేమో, చూద్దాం, చేస్తాలే. మాటల్ని పద్ధతైన వాక్యాలుగా మార్చేటప్పుడు ముందు రాలిపోయేవి ఆ తోకలే. అందుకే నేనిప్పుడు క్రియ చివరిదాకా విని, మాట ఎలా ముగిసిందో అలాగే నోట్స్‌లో రాసుకుంటాను. పైగా ఆయన "ముందు డేటా రావాలి" అని షరతు కూడా పెట్టాడు. అదీ నేను వదిలేశాను.

ఇక టెస్టర్ మాట. అక్షరాలు మాత్రమే చదివితే ఇంత స్పష్టమైన హామీ ఇంకోటి ఉండదు: పని, మనిషి, రోజు, అన్నీ ఉన్నాయి. మరి వెటకారమని ఎలా తెలుస్తుంది? నవ్వుల్ని బట్టి మాత్రం తేల్చకండి. లీడ్ కూడా నవ్విస్తూనే మాట్లాడాడు, కానీ ఆయన డేటా పంపిస్తానన్నది నిజం. నేను చూసేది ఆ తర్వాత ఏం జరిగిందని. నిజంగా ఒప్పుకున్న పనికి ఎవరో ఒకరు తిరుగు ప్రశ్న వేస్తారు, లేదా ఇంకొకరి పని దాని మీద ఆధారపడుతుంది. డెవలపర్ అడిగిన డేటాకి లీడ్ మాట నేరుగా జవాబు. ఆదివారం టెస్టింగ్‌ని మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. లీడ్ అన్న "సరే సరే" కూడా ఒప్పుకోలు కాదు, ఆ విషయాన్ని దాటించేయడం.

అలాగని వెటకారాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. "శుక్రవారం సాయంత్రం ఇస్తే మాకు టైమ్ ఎక్కడుంది?" అని ఆవిడ నిజంగానే అడుగుతోంది. ఆ ప్రశ్నని రాయాలి. ఆవిడ మాటల్ని కోట్స్‌లో పెట్టి మాత్రం పంపకండి. కాల్‌లో లేని మేనేజర్ చదివితే అది ఫిర్యాదులా వినిపిస్తుంది.

మూడో లైన్లో "నిర్ణయించడం జరిగింది" ఉంది చూశారా? ఈ మాట కనిపిస్తే నాకు అనుమానమే. ఎవరు నిర్ణయించారో చెప్పకుండా తప్పించుకునే వాక్యం అది. "ఎవరు?" అని అడిగితే ఇక్కడ జవాబు లేదు, లీడ్ "పారేయ్, పారేయ్" అన్నది నిజంగానో సరదాకో తెలియదు.

ఇప్పుడు మళ్ళీ రాద్దాం.

[స్క్రీన్ మీద]
ఖరారు: టెస్ట్ డేటా లీడ్ పంపుతారు, బుధవారం మధ్యాహ్నంలోపు.
అంచనా: పేమెంట్ పేజీ శుక్రవారానికి కావచ్చు, డేటా సమయానికి అందితే.
తేలనివి: పేజీ శుక్రవారం సాయంత్రం వస్తే టెస్టింగ్ ఎప్పుడు మొదలవుతుంది? పాత బటన్లు తీసేయాలన్న ఆలోచన నిజమైనదేనా?

గ్రూప్‌లో పెట్టేముందు, తేలనివి ఎవరివో వాళ్ళకి విడిగా మెసేజ్ పెట్టండి. అడిగే తీరు ముఖ్యం. "సోమవారం మొదలుపెడతారు కదా?" అంటే ఆ "కదా" అవతలివాళ్ళ చేత అవుననిపిస్తుంది. "టెస్టింగ్‌కి తేదీ ఏమీ రాయలేదు. ఏమని రాయమంటారు?" అనడిగితే చాలు.

ఆ తర్వాత ఇంకో కాల్‌కి నేను ఇలాగే అడిగాను. టెస్టర్ నుంచి వచ్చిన జవాబు: "పేజీ చేతికొచ్చాక రెండు పనిదినాలు కావాలి." ఆ లైన్‌ని తేలనివాటిలోంచి తీసి, ఆవిడ మాటల్లోనే ఖరారులోకి మార్చాను.