నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ ఎక్కడ దాక్కుంటుంది?

నమస్కారం. ఆన్‌లైన్‌లో ఒక ఫోన్ చూశారు. ధర 30,000 రూపాయలు. కింద ‘నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 5,000, ఆరు నెలలు’ అని ఉంది. ఆరు అయిదులు ముప్పై, లెక్క సరిపోయింది, మరి వడ్డీ ఏదీ? వడ్డీ ఉంది. ఎక్కడుందో ఈ వీడియోలో ఇదే ఫోన్ మీద లెక్క వేసి చూద్దాం.

ముందు ఒక సంగతి. బ్యాంకు ఎవరికీ ఊరికే అప్పివ్వదు. 2013 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు కూడా ఈ మాటే చెప్పింది: సున్నా శాతం వడ్డీ అనేదే లేదు, అలాంటి పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి వసూలు చేస్తున్నారు అని. ఆ తర్వాత వచ్చిన పద్ధతే ఇప్పుడు మనం చూస్తున్నది. ఇందులో వడ్డీని తీసేయరు, దానికి సమానమైన డిస్కౌంట్ ముందే ఇస్తారు.

మన ఫోన్‌కి బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుందాం. ఆరు నెలలకు అయ్యే వడ్డీ సుమారు 1,270 రూపాయలు. ఆ 1,270 ధరలోంచి తగ్గించి, మీ కార్డు మీద 28,730కి మాత్రమే అప్పు రాస్తారు. దాని మీద వడ్డీ కలిపితే మళ్ళీ 30,000 అవుతుంది. అంటే మీరు వడ్డీ కడుతున్నారు, దాన్ని డిస్కౌంట్ పూడుస్తోంది. ఇక్కడి వరకూ నిజంగానే మీకు నష్టం లేదు.

నష్టం మొదలయ్యేది జీఎస్టీ దగ్గర. క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. డిస్కౌంట్ వడ్డీని పూడుస్తుంది కానీ, ఈ పన్నును పూడ్చదు. 1,270కి పన్ను 229 రూపాయలు. దీనికి తోడు ప్రాసెసింగ్ ఫీజు. అది 199 అనుకుంటే, దాని మీదా 18 శాతం పన్ను, కలిపి 235. ఈ రెండూ కలిస్తే 464 రూపాయలు. అందుకే మొదటి నెల బిల్లు 5,000 రాదు. ఫీజు 235, ఆ నెల వడ్డీ మీద పన్ను 65 కలిసి 5,300 వస్తుంది. చాలామంది బిల్లు తప్పు వచ్చిందనుకునేది ఇక్కడే.

ఇప్పుడు అసలు పెద్ద మొత్తం దగ్గరికి వద్దాం. అదే ఫోన్‌ని అదే కార్డుతో ఒకేసారి కడితే 1,500 తగ్గింపు ఉందనుకోండి. నో కాస్ట్ ఈఎంఐ నొక్కగానే చాలాసార్లు ఆ తగ్గింపు మాయమవుతుంది. దీన్ని ఎవరూ ఫీజు అని రాయరు కాబట్టి కంటికి కనిపించదు. కానీ మీ జేబుకి సంబంధించినంత వరకూ ఇదే అన్నిటికంటే పెద్ద ఖర్చు. ఒకేసారి కడితే 28,500. వాయిదాల్లో కడితే 30,464. తేడా 1,964 రూపాయలు.

దీన్ని వడ్డీ రేటుగా చూడాలంటే ఏదైనా స్ప్రెడ్‌షీట్‌లో ఇది టైప్ చేయండి. 6 అంటే నెలలు, 5077 అంటే మొత్తం 30,464ని ఆరుతో భాగిస్తే వచ్చే సగటు వాయిదా, 28500 అంటే ఒకేసారి కట్టే ధర.

```
=RATE(6,-5077,28500)*12
```

సుమారు 0.232 వస్తుంది. అంటే ఏడాదికి 23 శాతం పైనే. బ్యాంకు చెప్పిన 15 కంటే ఎక్కువ. అప్పు చిన్నది, గడువు తక్కువ, అందుకే కొన్ని వందల ఫీజు కూడా రేటును ఇంతగా పెంచేస్తుంది. పన్నెండు నెలలకు అదే ఫీజు అంత బరువనిపించదు, కానీ వడ్డీ మీద పన్ను పెరుగుతుంది.

కాబట్టి పేమెంట్ పేజీలో ఇలా చేయండి. ముందు ఒకేసారి కట్టే ఆప్షన్ ఎంచుకుని, కూపన్లు, కార్డు ఆఫర్లు అన్నీ పెట్టి చివరి మొత్తం రాసుకోండి. తర్వాత ఈఎంఐ ఎంచుకుని మీ బ్యాంకు పట్టిక తెరిచి, వడ్డీ ఎంత, ఎదురుగా డిస్కౌంట్ ఎంత చూడండి. డిస్కౌంట్ వడ్డీకి సమానంగా లేకపోతే అది నో కాస్ట్ కాదు, మామూలు ఈఎంఐయే. ఫీజు చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఆ పంక్తి వెతకండి. పన్ను మీరే కలుపుకోండి. ఒకేసారి కట్టే ధర తక్కువగా ఉండి, ఇప్పుడే కట్టే స్తోమత కూడా ఉంటే, ఈ తేడా చూశాక వాయిదాలు ఎంచుకోవడానికి కారణం కనపడదు. రెండు ధరలూ ఒకటే అయి, ఫీజు కూడా లేకపోతే, ఖర్చు వడ్డీ మీది పన్నే.

ఇంకొకటి, వస్తువు వాపసు చేసేటప్పుడు. ఇక్కడ రిఫండ్ వచ్చేది 28,730, ఎందుకంటే మీ కార్డు మీద రాసిన మొత్తం అదే. ప్రాసెసింగ్ ఫీజు చాలా బ్యాంకులు తిరిగివ్వవు. రిఫండ్ రాగానే ఈఎంఐ దానంతట అదే ఆగుతుందనుకోకండి. బ్యాంకుకి ఫోన్ చేసి ఆ లోన్ రద్దయిందో లేదో అడిగి, తర్వాతి బిల్లులో ఆ వాయిదా పంక్తి లేదని చూసుకోండి.