ఈతో, ఆసో: స్పానిష్ మాటల చివర పలికే మనసు

శ్రోతలకు నమస్కారం.

గెరిల్లా, వెనిల్లా, మస్కిటో. ఈ మూడు మాటలూ మనకు ఇంగ్లీషు మీదుగా వచ్చాయి గాని, మూడింటి పుట్టిల్లు స్పానిష్ భాష. గెర్రా అంటే యుద్ధం, గెరిల్లా అంటే చిన్న యుద్ధం. 1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌లోకి చొచ్చుకువచ్చినప్పుడు, చిన్న చిన్న దండులు దారికాచి చేసిన పోరుకు ఆ పేరు స్థిరపడి ప్రపంచమంతా పాకింది. వైనా అంటే కాయ, వెనిల్లా అంటే చిన్న కాయ. మోస్కా అంటే ఈగ, మస్కిటో అంటే చిన్న ఈగ. మాట చివర ఇల్లా, ఈతో వంటి ప్రత్యయం చేరితే వస్తువు చిన్నదవుతుందని వ్యాకరణ పుస్తకాలు చెప్పే సూత్రం ఈ మూడింటి విషయంలో సరిగ్గా సరిపోతుంది.

అయితే ఈ సూత్రాన్ని మాత్రమే నమ్ముకుని స్పానిష్ మాట్లాడేవారి మధ్యకు వెళితే మొదటి రోజే తికమక పడతాం. నేనూ పడ్డాను. నేర్చుకునే రోజుల్లో మెక్సికో నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆమె "ఉన్ కఫెసీతో?" అని అడిగారు. కఫే అంటే కాఫీ కదా, కఫెసీతో అన్నారు కాబట్టి చిన్న కప్పులో ఇస్తారనుకున్నాను. తీరా చూస్తే నిండుగా పెద్ద కప్పుతో తెచ్చిపెట్టారు. ఆమె చిన్నది చేసింది కాఫీని కాదు, మా ఇద్దరి మధ్య ఉన్న దూరాన్ని. "కూర్చో, తొందరేమీ లేదు, కాసేపు మాట్లాడుకుందాం" అనే పిలుపంతా ఆ చివరి రెండు అక్షరాల్లో ఉంది.

మాటకు ఈ తోక తగిలించడం కష్టమేమీ కాదు. ఓ, ఆ శబ్దాలతో ముగిసే మాట అయితే ఆ చివరి అచ్చు పోయి, ఈతో గాని ఈత గాని వస్తుంది. అబ్వేలా అంటే అమ్మమ్మ గాని నానమ్మ గాని, అబ్వెలీత అంటే ముద్దుగా పిలుచుకునే అమ్మమ్మ. ఏ, న్, ర్‌లతో ముగిసే మాటలకు ఎక్కువగా సీతో చేరుతుంది. అందుకే కఫే కఫెసీతో అయింది, ప్రేమకు పేరైన అమోర్ అమోర్సీతో అయింది. ప్రాంతాన్ని బట్టి తోక కూడా మారుతుంది. కొలంబియాలో, క్యూబాలో క్షణాన్ని మొమెంతీతో అనకుండా మొమెంతీకో అంటారు. కోస్టారికా వారికీ ఈ ఈకో మీద మక్కువ ఎక్కువ కాబట్టే వారికి తీకోలు అనే ముద్దుపేరు వచ్చిందని చెబుతారు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన మాట దగ్గరికి వస్తాను. అఓరా అంటే ఇప్పుడు. దానికి ఈత చేరితే అఓరీత. సూత్రం ప్రకారం "చిన్న ఇప్పుడు", అంటే ఈ క్షణమే అనుకోవాలి. మెక్సికోలో మాత్రం దాని అర్థం వాక్యాన్ని బట్టి తేలుతుంది. అమ్మ వంటింట్లోంచి "గిన్నెలు కడుగు" అని కేకేసింది. కొడుకు మంచం మీంచి లేవకుండా "అఓరీత వోయ్" అన్నాడు. వోయ్ అంటే వెళ్తాను. ఇక్కడ అఓరీత అంటే ఐదు నిమిషాలు కావచ్చు, గంట కావచ్చు, అసలు లేవకపోవడమూ కావచ్చు. "అదిగో, వస్తున్నా" అని మన ఇళ్లలో పిల్లలు పక్క గదిలోంచి పలికే పలుకు లాంటిదే ఇది. కాదనలేదు, కదలనూ లేదు. అదే కుర్రవాడు ఫోన్‌లో స్నేహితుడితో "అఓరీత ఎస్తోయ్ కొమియెందో" అంటే మాత్రం నిజంగానే ఆ నిమిషాన తింటున్నాడని అర్థం. క్రియ జరుగుతున్న పనిని చెబితే అఓరీత ఈ క్షణం. క్రియ చేయబోయే పనిని చెబితే గడువు సాగుతుంది. రీ అన్న అక్షరాన్ని ఎంత సాగదీస్తే పని అంత వెనక్కి పోతుందని చెవికి అలవాటైనవారు పసిగడతారు. అమ్మ ఊరుకోకుండా "అఓరీత అఓరీతా?" అని రెట్టించి అడుగుతుంది. నిజంగా కదిలేవాడైతే ఇంకో తోక తగిలించి "అఓరితీత" అంటాడు. ప్యూర్టోరికోలో ఇదే మాటకు "తర్వాత" అనే అర్థం వాడుకలో ఉంది. మెక్సికో మనిషి, ప్యూర్టోరికో మనిషి అఓరీత కలుద్దామనుకుంటే, ఒకరు చెప్పులు వేసుకుంటుండగా ఇంకొకరు నిద్రకు ఉపక్రమించవచ్చు.

చిన్నది చేసే ప్రత్యయం అర్థాన్ని పెంచడమూ ఉంది. సోలో అంటే ఒంటరి, సొలీతో అంటే బొత్తిగా ఒంటరి. సెర్కా అంటే దగ్గర, సెర్కీత అంటే మరీ దగ్గర. ఇగ్వాల్ అంటే సమానం, ఇగ్వలీతో అంటే అచ్చు గుద్దినట్టు అదే పోలిక. మనవడిని చూసి "తాతకు ఇగ్వలీతో" అన్నప్పుడు పోలిక ఏమాత్రం తగ్గదు. చెప్పేవారి మురిపెం దానికి తోడవుతుంది.

ఇదే తోక ఇంకోచోట మనిషిని గుచ్చుతుంది. అబొగాదో అంటే న్యాయవాది. ఎదుటివాడి వాదన విని విసిగినవాడు "ఈ అబొగదీతో వచ్చి నాకు చెప్పాలా" అంటే అందులో ముద్దు లేదు, చులకన ఉంది. తేడా తెలుసుకునే మార్గం ఒకటుంది. పిల్లలకు, తిండికి, ఇంటివారికి చేరిన ఈతో ఎక్కువగా ఆప్యాయతే. హోదాకు, చదువుకు చేరి, ఆ మనిషితో మాట్లాడేవారికి చనువు కూడా లేకపోతే, అది ఎక్కువగా ఎత్తిపొడుపు. కొత్తగా నేర్చుకునేవారు ఉద్యోగాల పేర్ల జోలికి పోకుండా కాఫీ, సూపు, రొట్టెలతోనే ఈతో వాడుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక ఆసో. ఇది పెంచే ప్రత్యయం. స్పెయిన్‌లో ఎక్కువమంది దీన్ని ఆథో అని పలుకుతారు. పెర్రో అంటే కుక్క, పెర్రాసో అంటే భారీ కుక్క. అయితే పువెర్తా అంటే తలుపు, పొర్తాసో అంటే పెద్ద తలుపు కాదు. కోపంతో తలుపు ధడాలున వేయడం! కోదో మోచేయి, కొదాసో మోచేతి పోటు. కబేసా తల, కబెసాసో తలతో కొట్టిన దెబ్బ. ఫుట్‌బాల్‌లో బంతిని తలతో కొట్టడాన్నీ ఇలాగే అంటారు. అలా కొట్టిన బంతి అద్భుతంగా గోల్‌లో పడితే వ్యాఖ్యాత గొంతు చించుకుని "గొలాసో!" అంటాడు. అక్కడ దెబ్బ అనే అర్థం పోయి మెచ్చుకోలు మిగిలింది.

దెబ్బ ఒక్కోసారి దేశం మొత్తానికి తగులుతుంది. 1950 జూలై 16న రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో ప్రపంచ కప్ ఆఖరి మ్యాచ్ జరిగింది. డ్రా చేసుకున్నా కప్పు బ్రెజిల్‌దే. ముందు గోల్ కొట్టింది కూడా బ్రెజిలే. కానీ ఉరుగ్వే 2-1తో గెలిచింది. లక్షన్నరకు పైగా ఉన్న ప్రేక్షకులు నోట మాట లేకుండా నిలబడిపోయారు. ఉరుగ్వే వారు ఆ రోజును మరకనాసో అని పిలుచుకుంటారు. బ్రెజిల్ వారికి కూడా పోర్చుగీసులో అదే పేరు. ఒకే మాట ఒకరి నోట గర్వంగా, ఇంకొకరి నోట గాయంగా పలుకుతుంది. 1948 ఏప్రిల్ 9న కొలంబియా నాయకుడు హోర్హె ఎలియేసెర్ గైతాన్‌ను కాల్చి చంపాక బొగోటా నగరం తగలబడింది. ఆ రోజు పేరు బొగొతాసో. నగరం పేరుకు ఆసో చేరిందంటే అక్కడ ఏదో బద్దలైందని స్పానిష్ తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ముగించే ముందు ఇంకొక్క మాట. ఓహోస్ అంటే కళ్లు. ఉయ్యాలలోని పాపను చూసి అమ్మమ్మ "కే ఓహీతోస్!" అంటుంది. ఎంత చక్కని చిట్టి కళ్లో అని. ఇరవై ఏళ్ల తర్వాత అదే అమ్మాయిని చూసి ఒక అబ్బాయి "కే ఓహాసోస్!" అంటాడు, ఎంత పెద్ద అందమైన కళ్లో అని. సాయంత్రం ఆ అమ్మాయి ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో కూర్చున్న అమ్మమ్మకు మాత్రం అవి ఇంకా ఓహీతోసే.

నమస్కారం.