చీర నిజమే, కట్టుకున్న అమ్మాయి కాదు

అందరికీ నమస్కారం.

ఈ రెండు బొమ్మలు చూడండి. ఎడమవైపుది మగ్గం నుంచి దించిన పోచంపల్లి చీర, కిటికీ పక్కన పగటి వెలుతురులో తీసిన ఫోటో. కుడివైపుది, అదే ఫోటోను ఏఐ యాప్‌కు ఇచ్చి ఒక అమ్మాయికి కట్టి చూపమంటే వచ్చింది. దారాన్ని చిటికి కట్టి రంగు అద్దుతారు కాబట్టి అసలు చీరలో డిజైను అంచులు కాస్త చెదిరి, ఈకల్లా ఉంటాయి. ఏఐ ఆ చెదరడాన్ని చెరిపేసి, స్కేలు పెట్టి గీసినట్టు సరిచేసింది. మూడు వేళ్ల అంచును అరచేయంత చేసింది.

కుడివైపు బొమ్మ పెట్టి మేము అమ్మిన చీర తిరిగి వచ్చింది. కొన్నావిడ రాసిన కారణం: "రంగు పాకింది, డిజైను చెదిరింది." చేతి నేతకు గుర్తయిన లక్షణమే ఆమెకు లోపంగా కనిపించింది. తప్పు ఆమెది కాదు. మేము చూపించిన చీర ఒకటి, పంపినది మరొకటి.

మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం చిత్రాలూ వివరణలూ వస్తువుకు నేరుగా సరిపోవాలి. ప్రకటనలో చూపిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. "రంగులో స్వల్ప తేడా ఉండవచ్చు" అన్న వాక్యం మూడు వేళ్ల అంచును అరచేయంత చేయడాన్ని సమర్థించలేదు.

అమెజాన్‌లో మొదటి చిత్రానికి తెల్లటి నేపథ్యం ఉండాలి, దాని మీద అక్షరాలు ఉండకూడదు. అంటే అక్కడ ఇది ఏఐ బొమ్మ అని లేబుల్ పెట్టే వీలే లేదు. అందుకే మొదటిది అసలు ఫోటోయే కావాలంటాను. ఏఐ బొమ్మ రెండోది. మూడోది, అంచు పక్కన స్కేలు పెట్టి దగ్గరగా తీసిన ఫోటో.

"ఏఐ చిత్రం" అని రెండు ముక్కలు రాస్తే చాలదు. చీర కూడా కల్పితమా అన్న అనుమానం మిగులుతుంది. మేము ఇప్పుడు వివరణ మొదట్లోనే ఇలా రాస్తున్నాం: "రెండో చిత్రంలో మోడల్, నేపథ్యం ఏఐతో చేసినవి. అసలు రంగు, అంచు వెడల్పు మొదటి, మూడో ఫోటోల్లో చూడండి. డిజైను అంచులు చెదిరినట్టు ఉండటం చిటికి నేత సహజ లక్షణం."

బొమ్మలో బట్టే మారిపోతే మాత్రం ఏ లేబులూ దాన్ని బాగుచేయలేదు. చీరను పక్కన పరచి అంచు పోల్చండి, కొంగు మీది బొమ్మలు లెక్కపెట్టండి. తేడా వస్తే ఆ చిత్రాన్ని పక్కన పడేయండి.

గూగుల్ షాపింగ్‌లో పెట్టేవారికి ఇంకొకటి. ఏఐ చిత్రం ఫైలు లోపల `TrainedAlgorithmicMedia` అన్న గుర్తు ఉండాలని, దాన్ని తీసేయకూడదని వారి నియమం. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది చెరిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.