మొదటి కబురు ఎవరికి చెబుతున్నాం?

అందరికీ నమస్కారం. పెద్దలందరినీ పేరుపేరునా పలకరించాలనే ఉంది కానీ సమయం తక్కువ, మన్నించండి. ఉద్యోగం, కుటుంబం, ఒత్తిడి గురించి మాట్లాడమన్నారు. ఒత్తిడి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దంపతులకు కౌన్సెలింగ్ చేసే మనిషిగా నేను తరచూ వింటున్నా, సభల్లో ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉంది. ఇంట్లో ఉన్న మనిషి మంచివాడే, కానీ దూరంగా ఉంటాడు. ఆఫీసులో ఇంకొకరి మీదికి మనసు పోతోంది. మగవాళ్లకూ ఇలా జరుగుతుంది. ఈరోజు ఒక భార్య సంగతి చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆమె భర్త ఎప్పుడూ గట్టిగా కసిరింది లేదు. ఆమెకు జ్వరం వస్తే మందులు తెచ్చి, టైముకి ఇచ్చి, పక్క గదిలోకి వెళ్లిపోతాడు. ఇద్దరి మధ్య మాటలన్నీ బిల్లులు, రేపటి పనులు. ఆఫీసులో ఆమెతో పనిచేసే ఒకతను ఒకరోజు, "నిన్న మీటింగులో మీ మాట ఎవరూ విననప్పుడు మీకు బాధనిపించింది కదా?" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ ఒక్క మాట ఆమెను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

ఎందుకంటారా? మళ్లీ మళ్లీ కంటపడేవాటి మీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వవేత్త 1968లోనే చూపించారు. ఆఫీసులో రోజూ ఒకే పని, ఒకే టెన్షన్, ఒకే గెలుపు పంచుకుంటాం. పైగా అక్కడ ఆ మనిషి అలసట, చిరాకు మనకు పెద్దగా కనబడవు. అలాంటిచోట ఇష్టం కలగడం మనిషి చెడ్డదనడానికి గుర్తు కాదు.

ఆమె మాత్రం తనను చెడ్డదాన్నే అనుకుంది. అతని గురించి ఆలోచించకూడదని ఒట్టు పెట్టుకుంది. అలా ఒట్టు పెట్టుకుంటే ఏమవుతుందో 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగంలో ఉంది. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దంటే జనానికి అదే గుర్తుకొచ్చింది. ఆ నిషేధం తీసేశాక ఇంకా ఎక్కువగా గుర్తుకొచ్చింది. ఇంటిదగ్గర ఇంకొకటి జరిగింది. తప్పు చేస్తున్నానన్న భయంతో ఆమె భర్తతో అతిమర్యాదగా ఉండటం మొదలుపెట్టింది. చిన్న కోపం కూడా చూపించేది కాదు. దాంతో ఉన్న దూరం ఇంకా పెరిగింది.

ఇక్కడ నేనొక మాట అడగాలి. ఆమె ముందు తన దగ్గరివాళ్లకే చెప్పుకుంది. ఇంట్లో ఒంటరిగా ఉందని మాత్రమే చెప్పింది. వాళ్లు ఏమన్నారో తెలుసా? "తాగడు, కొట్టడు, ఇంకేం కావాలి నీకు?" అన్నారు. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. కొట్టకపోవడమే కాపురానికి కొలతా? మీలో ఎవరైనా ఈ మాట అని ఉంటే దయచేసి ఇంకెప్పుడూ అనకండి. ఆమె నోరు అక్కడ మూతపడింది, ఆఫీసులో తెరుచుకుంది. భర్త మౌనం గురించి మొదటిసారి చెప్పుకున్నది ఆ సహోద్యోగికే.

నేను గీత గీసేది అక్కడే. మనసు లాగడం దగ్గర కాదు, దాచడం దగ్గర. మీకు సంతోషం కలిగిన రోజు మొదటి కబురు ఎవరికి చెబుతున్నారు? ఏ మెసేజ్ డిలీట్ చేస్తున్నారు? మీ భాగస్వామి పక్కన ఉంటే ఆ మాటలు అలాగే మాట్లాడగలరా? ఆమె మెసేజులు తుడిచేయడం మొదలుపెట్టాకే నా దగ్గరకు వచ్చింది.

ఆమె ఆ ఇష్టాన్ని ఆ సహోద్యోగికి చెప్పేసి బరువు దించుకుందామనుకుంది. వద్దన్నాను. అతనికి చెబితే అది ఇద్దరి రహస్యమవుతుంది, ఇంకా బిగుస్తుంది. ఆఫీసు వేళల తర్వాత మెసేజులు మానేసింది. భర్త గురించి అతనితో మాట్లాడటం ఆపింది. అంత తేలిగ్గా ఆపలేదు, మధ్యలో మళ్లీ జారింది.

భర్తతో ఏం మాట్లాడాలన్నది ఇంకా కష్టం. "నువ్వు నన్ను పట్టించుకోవు" అంటే అతను ఇంకొన్ని పనులు చేసిపెడతాడు, అతనికి తెలిసిన ప్రేమ అదే. అందుకని ఆమె, "జ్వరం వచ్చినప్పుడు మందులిచ్చి వెళ్లిపోకు, కాసేపు నా పక్కన కూర్చో" అంది. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనుంటే నీకు ఇబ్బందేమో అనుకున్నాను" అన్నాడు.

ఇష్టం గురించి భర్తకు చెప్పాలా అని అందరూ అడుగుతారు. మనసులోనే ఉండి, దూరం పాటిస్తున్నప్పుడు, కేవలం మన బరువు దించుకోవడానికి చెప్పడం సరికాదని నా అభిప్రాయం. దాచిన మాటలు, కలయికలు మొదలైతే అది వేరే సంగతి, అప్పుడు నిజం చెప్పాల్సిందే. స్పష్టంగా అడిగినా అవతలి మనిషి ఎన్నాళ్లకూ దగ్గరకు రాకపోతే ఆ పెళ్లి సంగతి విడిగా తేల్చుకోవాలి. అందులోకి ఆఫీసు మనిషిని కొలబద్దగా తేకూడదు.

ఆమెకు ఇప్పటికీ కొన్నిరోజులు ఆ సహోద్యోగిని చూస్తే మనసు ఊగుతుందట. ఇంట్లో మాటలు పెరిగాయి, పోట్లాటలూ పెరిగాయి. ప్రశ్నలుంటే అడగండి. లేచి అడగడం ఇబ్బందైతే పేరు లేకుండా చీటీ రాసి పంపండి, చదివి జవాబు చెబుతాను.