సబ్జెక్ట్ తెలిసినవాళ్ల కోసం కెరూసెల్ రాయడం: ఏది తేలిక చేయాలి, ఏది ముట్టుకోకూడదు

హాయ్ అండీ. ఈ వీడియోలో ఒక్క స్లైడ్‌నే తీసుకుని మూడు రకాలుగా రాసి చూద్దాం. చదివేవాళ్లు బ్యాకెండ్ డెవలపర్లు, అంటే విషయం మనకంటే బాగా తెలిసినవాళ్లూ అందులో ఉంటారు. టాపిక్ ఏంటంటే, టేబుల్ మీద ఇండెక్స్‌లు ఎక్కువైతే ఇన్‌సర్ట్ ఎందుకు నెమ్మదిస్తుంది.

స్క్రీన్ మీద మొదటి వెర్షన్ చూడండి.

"టేబుల్‌లో ఇండెక్స్‌ల సంఖ్య అధికం కావడం వలన ప్రతి ఇన్‌సర్ట్ సమయంలో సంబంధిత ఇండెక్స్‌లన్నింటినీ నవీకరించవలసి రావడంతో రైట్ పనితీరు క్షీణించడం జరుగుతుంది."

ఇందులో కష్టమైన మాట ఏది? ఇండెక్స్, ఇన్‌సర్ట్ అనుకుంటారు చాలామంది. కానే కాదు, అవి డెవలపర్ రోజూ వాడే మాటలే. కష్టమంతా "కావడం వలన", "రావడంతో", "క్షీణించడం జరుగుతుంది" దగ్గర ఉంది. తెలుగులో అసలు క్రియ చివర్లో వస్తుంది కదా, అక్కడిదాకా ఈ "-డం"లన్నీ తలలో మోసుకుంటూ వెళ్లాలి, పైగా ఫోన్‌లో, వేలు స్వైప్ చేయడానికి రెడీగా ఉండగా.

సరే, తేలిక చేద్దాం అని చాలామంది రాసేది ఇదీ, రెండో వెర్షన్.

"ఇండెక్స్ అంటే పుస్తకం చివర ఉండే పట్టిక లాంటిది! పట్టికలు ఎక్కువైతే పాపం డేటాబేస్ అలసిపోతుంది! అందుకే ఇండెక్స్‌లు తగ్గించండి!"

వాక్యాలు చిన్నవే, మాటలూ తేలికే. కానీ పదేళ్లుగా డేటాబేస్‌లతో పనిచేస్తున్న మనిషి మొదటి వాక్యానికే వెళ్లిపోతాడు. తనకు తెలిసిందే మళ్లీ చెప్పారు, అసలు కారణం మాత్రం చెప్పలేదు. "తగ్గించండి" అన్నారు గానీ ఏవి, ఎప్పుడు అన్నది లేదు. పిల్లల పాఠంలా అనిపించేది ఇలాంటప్పుడే. వాక్యం పొట్టిదైనందుకు ఎవరికీ చిన్నతనంగా అనిపించదు, అందులో పస లేకపోతేనే అనిపిస్తుంది. ఆశ్చర్యార్థకాల గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఇప్పుడు మూడోది, నేనైతే ఇలా రాస్తాను.

"ఇండెక్స్‌లు పెరిగేకొద్దీ ఇన్‌సర్ట్ నెమ్మదిస్తుంది. మీరు రాసేది ఒక్క రో. డేటాబేస్ మాత్రం ఆ రోతో పాటు, టేబుల్ మీదున్న ప్రతి ఇండెక్స్‌లోనూ ఒక ఎంట్రీ రాయాలి."

ఇండెక్స్, ఇన్‌సర్ట్, రో, ఎంట్రీ, వీటిలో ఒక్కదాన్నీ ముట్టుకోలేదు, ఒక్కదానికీ అర్థం చెప్పలేదు. మార్చిందల్లా వాటి చుట్టూ ఉన్న తెలుగే: "క్షీణించడం జరుగుతుంది" పోయి "నెమ్మదిస్తుంది" వచ్చింది, "నవీకరించవలసి" పోయి "రాయాలి" వచ్చింది. వాక్యాల పొడవు కూడా గమనించండి, మూడూ ఒకే సైజులో లేవు. రెండోది పొట్టిది, మూడోది దానికి రెండు మూడింతలు. అన్నీ పొట్టివే పెడితే నత్తినత్తిగా చదివినట్టుంటుంది, నిపుణులకు అదీ చిరాకే. కారణం చెప్పే వాక్యానికి కాస్త పొడవు ఇవ్వండి, ఫర్వాలేదు.

తర్వాతి స్లైడ్‌లో మినహాయింపు పెడతాను. "పోస్ట్‌గ్రెస్‌లో పార్షియల్ ఇండెక్స్ అయితే, దాని కండిషన్‌కి సరిపోని రోకి ఎంట్రీ రాయదు." మాటలు ఇంకా తేలికే, కానీ ఈ ఒక్క లైన్‌తో చదివేవాళ్లకి రాసింది పని తెలిసినవాళ్లేనని అర్థమైపోతుంది. స్థలం చాలట్లేదని చాలామంది ముందు కోసేసేది ఈ మినహాయింపునే. కోయాలనుకుంటే "ఇండెక్స్ అంటే ఏంటి" అనే స్లైడ్‌ని కోయండి.

రీడింగ్ లెవెల్ స్కోర్ చూపించే టూల్స్ వాడొచ్చా అని అడుగుతుంటారు. ఎక్కువగా కనిపించే ఫ్లెష్-కిన్‌కైడ్ ఫార్ములా 1975లో అమెరికా నేవీ కోసం, ఇంగ్లిష్‌కి తయారైంది. వాక్యానికి ఎన్ని పదాలు, పదానికి ఎన్ని సిలబుల్స్ అనే లెక్క తప్ప ఇంకేమీ చూడదు. మన భాషలో "చెప్పలేకపోతున్నప్పుడు" అనేది ఒకే పదం, అంత పొడుగున్నా ఎవరికీ కష్టం కాదు. "క్షీణత" చిన్న పదమే, అయినా మాటల్లో ఎవరూ వాడరు. కాబట్టి తెలుగుకి ఆ స్కోర్ నమ్మకండి. ఇంగ్లిష్ కెరూసెల్‌కైనా జాగ్రత్త, "డేటాబేస్" లాంటి మాటకే సిలబుల్స్ ఎక్కువని స్కోర్ కఠినం అంటుంది, దాన్ని దించడానికి మీరు సరైన మాట తీసేస్తారు.

దానికి బదులు నేను చేసేది, స్లైడ్‌ని ఫోన్‌లో పెట్టి పైకి చదవడం. వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే, అసలు క్రియకి ముందు ఎన్ని "-డం", "-చి", "-తూ"లు ఉన్నాయో లెక్కపెడతాను. రెండు దాటితే అక్కడ విరుస్తాను. ఆ తర్వాత ఆ రంగంలో పనిచేసే ఒకరికి పంపి, మీకు ముందే తెలిసిన స్లైడ్ ఏదో చెప్పమంటాను. నచ్చిందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. తెలిసిన స్లైడ్ ఏదంటే నంబర్ చెప్తారు, ఆ స్లైడ్ తీసేయడమే.