బక్రీదు పొట్టేళ్లు: లాభం మేతలోనా, బేరంలోనా?

వ్యాఖ్యాత: ఇరవై కిలోల పొట్టేలును 90 రోజులు మేపి ముప్పై కిలోలు చేసి, బక్రీదుకు అమ్మాలి. ఇవాళ ఈ ఒక్క లెక్కే మాట్లాడుకుందాం. డాక్టర్ గారూ, పది కిలోలు పెరగడం సాధ్యమేనా?

పశువైద్యురాలు: సాధ్యమే. కానీ 90 రోజులూ పెరుగుతుందనుకోకండి. కొత్త చోటికి వచ్చిన జీవం మొదటి రెండు వారాలు అలవాటు పడటానికే సరిపోతుంది. మిగిలిన 76 రోజుల్లో రోజుకు 130 గ్రాములు పెరిగితేనే పది కిలోలు. మేకపోతుకు ఇంత లక్ష్యం పెట్టుకోవద్దు. రోజుకు 60 నుంచి 100 గ్రాములు అనుకోండి, అంటే ఇంకాస్త ముందే కొనాలి.

వ్యాఖ్యాత: ఆ రెండు వారాలు కూడా దాణా గట్టిగా పెడితే?

పశువైద్యురాలు: అక్కడే జీవాలు చస్తాయి. గింజలు ఒక్కసారిగా ఎక్కువ తింటే పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. నెమరు ఆగిపోతుంది, పేడ పుల్లటి వాసనతో పల్చబడుతుంది. చిటుక రోగమైతే రాత్రి బాగున్న జీవం తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది, అదీ మందలో బాగా తినే పొట్టేలే. అందుకే దిగిన వెంటనే నట్టల మందు, చిటుక రోగం టీకా, రెండు మూడు వారాలకు టీకా రెండో మోతాదు ఇవ్వాలి.

పెంపకందారు: దాణా పెంచే పద్ధతి ఇదీ. మొదటి మూడు రోజులు ఎండుమేత, నీళ్లు మాత్రమే. నాలుగో రోజు 100 గ్రాముల దాణా, అక్కణ్నుంచి రోజుకు 50 గ్రాములు పెంచుకుంటూ పద్నాలుగో రోజుకు 600 గ్రాములు. ఆపైన ఒంటి బరువును బట్టి 650 నుంచి 800 దాకా, రెండు పూటలుగా. మొత్తం దాదాపు 60 కిలోల దాణా, 40 కిలోల ఎండుమేత పడుతుంది. తొట్టి దగ్గర అన్నిటికీ ఒకేసారి చోటుండాలి. లేకపోతే బలమైనది రెండు వంతులు తింటుంది.

పశువైద్యురాలు: తవుడు ఎక్కువైతే భాస్వరం ఎక్కువై మగ జీవాలకు మూత్రంలో రాళ్లు వస్తాయి. నడుం వంచి ముక్కుతూ చుక్క చుక్కగా పోస్తుంటే ఆలస్యం చేయకండి. దాణాలో కాల్షియం భాస్వరానికి రెట్టింపు ఉండాలి, ఉప్పు, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

వ్యాఖ్యాత: ఇప్పుడు ధర సంగతి.

పెంపకందారు: దాణా ధరే కొలబద్దగా పెట్టుకుందాం. కిలో దాణా ఖరీదును ఒక పాలు అనుకుందాం. దాణా 60, ఎండుమేత 13, మందులు, కూలీ 25. మొత్తం 98 పాళ్లు. అంటే పెరిగిన ప్రతి కిలోకూ దాదాపు పది పాళ్ల ఖర్చు. ఒంటి బరువు కిలో 14 పాళ్లకు పోతుంటే కిలోకు నాలుగు మిగిలినట్టే కదా.

వ్యాపారి: కాగితం మీద మిగిలినట్టే. ముప్పై కిలోల పొట్టేలు బండెక్కి సంతకొచ్చేసరికి ఆరు శాతం తగ్గుతుంది. తూకం 28.2 కిలోలే. ఇరవై కిలోలు కిలో 14 చొప్పున కొన్నది 280 పాళ్లు, మేపిన ఖర్చు 98, చచ్చేవాటి కింద పది వేసుకోండి, మొత్తం 388. సంతలో కిలో 14 చొప్పున 395 వస్తుంది. మూడు నెలల శ్రమకు మిగిలింది ఏడు పాళ్లు!

వ్యాఖ్యాత: అదే కొట్టం దగ్గరే తూకం వేసిస్తే?

వ్యాపారి: 420. అంటే 32 మిగులుతుంది. పండుగ ముందు ధర 16కి చేరితే సంతలోనూ 63 మిగులుతుంది. ఇంకో మాట, కొనేటప్పుడు కిలోకు ఒక్క పాలు ఎక్కువ పెట్టినా ఇరవై పాళ్లు పోతాయి. పెరిగే పది కిలోల మీదే దృష్టి పెట్టి కొన్న ఇరవై కిలోలను మరిచిపోతారు, నష్టమంతా అక్కడే.

పశువైద్యురాలు: తూకం 15 రోజులకోసారి, తెల్లవారి మేతకు ముందే వేయాలి. లక్ష్యం రెండు కిలోలు. ఒక కిలో కూడా రాకపోతే నట్టలు, పళ్లు చూడండి. అవి సరిగ్గానే ఉండి తర్వాతి తూకంలోనూ పెరగకపోతే అప్పుడే అమ్మేయండి.

వ్యాఖ్యాత: పండుగకు పనికిరాని జీవాలూ ఉంటాయి కదా?

వ్యాపారి: కుంటి, గుడ్డి, చెవి తెగినది, కొమ్ము మొదలంటా విరిగినది ఎంత బలిసినా మాంసం ధరకే. మేకపోతుకు ఏడాది నిండాలి. కొనేవాళ్లు నోరు తెరిచి రెండు పళ్లు వచ్చాయా అని చూస్తారు. ఎనిమిది నెలల పిల్లను తెచ్చి మూడు నెలలు మేపితే వయసు చాలదు. గొర్రెకైతే ఆరు నెలలు దాటి, ఏడాది దానిలా కనబడితే ఒప్పుకునేవాళ్లున్నారు. పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, కొనే తేదీనీ జరపండి.

వ్యాఖ్యాత: చివరి రోజు దాకా ఆగితే మంచి ధర రాదా?

వ్యాపారి: రావచ్చు, అందరూ ఆగితే పడిపోనూవచ్చు. పండుగ దాటాక కిలో 12కు పడితే ఒక్కోదానికి 50 పాళ్ల నష్టం. అందుకే సగానికి నెల ముందే బయానా తీసుకుని, కొట్టం తూకానికే ఒప్పందం చేసుకోవాలి. మిగిలిన సగంలో ఎక్కువ భాగాన్ని పండుగకు వారం ముందు దించితే, ఆఖరి రెండు రోజుల పందెం కొన్నింటి మీదే ఉంటుంది.